పెసర మొక్కకు చీకటి పరీక్ష

పచ్చిక మీద వారం పది రోజులు పడి ఉన్న ఇటుకను ఎత్తి చూస్తే దాని కింద గడ్డి పాలిపోయి, పసుపుపచ్చగా, సన్నగా కనిపిస్తుంది. ఎండ తగలక అలా అయిందని పిల్లలు వెంటనే చెబుతారు. అయితే ఆ గడ్డి ఎదగలేదా, లేక ఎక్కువగా ఎదిగిందా అని అడిగితే తరగతిలో రెండు జట్లు తయారవుతాయి. ఈ ప్రశ్నను గుప్పెడు పెసలతో, రెండు చెప్పుల డబ్బాలతో పది రోజుల్లో తేల్చవచ్చు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎవరైనా చేయగలిగిన ప్రయోగమిది. నేను దీన్ని ఎంచుకోవడానికి కారణం, ఇందులో వచ్చే జవాబు చాలామంది ఊహకు సగం ఎదురు తిరుగుతుంది.

ముందుగా పరికల్పన రాయాలి. అంటే ప్రయోగం మొదలుకాక ముందే, ఏం జరుగుతుందని అనుకుంటున్నామో, ఎందుకు అలా అనుకుంటున్నామో ఒక వాక్యంలో పెట్టాలి. పిల్లలు మామూలుగా ‘చీకట్లో మొక్క తక్కువ పెరుగుతుంది’ అని రాస్తారు. ఈ వాక్యంతో పని జరగదు. పెరగడం అంటే పొడవా, బరువా, ఆకుల సంఖ్యా? ఏది కొలుస్తామో చెప్పని పరికల్పన ఏ ఫలితం వచ్చినా నిజమే అనిపిస్తుంది. అందుకని రెండుగా విడగొట్టి రాయించండి. ఒకటి: ‘పది రోజుల తర్వాత చీకట్లోని మొక్కల సగటు ఎత్తు వెలుతురులోని వాటికంటే తక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఆహారం తయారుచేసుకోవడానికి వాటికి వెలుతురు కావాలి.’ రెండు: ‘చీకట్లోని మొక్కలను ఎండబెట్టి తూచితే వాటి బరువు వెలుతురులోని వాటికంటే తక్కువగా ఉంటుంది.’ రాసిన కాగితం మీద తేదీ వేసి గోడకు అంటించాలి. తర్వాత దాన్ని దిద్దకూడదు.

ఇక ప్రయోగం కట్టడం. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒక కప్పును బీరువాలో పెట్టి, ఇంకొకదాన్ని కిటికీలో పెట్టి పోల్చడం చాలా బడుల్లో చూస్తాం. అలా చేస్తే రెండు కప్పుల మధ్య వెలుతురు ఒక్కటే మారదు. కిటికీలో వేడి ఎక్కువ, గాలి ఎక్కువ, తడి త్వరగా ఆరిపోతుంది. చివర్లో తేడా కనిపించినా అది దేనివల్ల వచ్చిందో చెప్పలేం. అందువల్ల రెండు జట్లనూ ఒకే కొలత డబ్బాల్లో, ఒకే చోట, పక్కపక్కన పెట్టాలి. ఒక డబ్బాకు మూత అలాగే ఉంచి, అతుకుల దగ్గర నల్ల కాగితం అంటించాలి. రెండో డబ్బా మూతలో చట్రం మాత్రం మిగిలేలా మధ్యభాగం కత్తిరించి, అక్కడ పల్చని పారదర్శక పాలిథిన్ అతికించాలి. డబ్బాలు కనీసం ముప్పై సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా నిలబెట్టాలి. లేకపోతే మొక్కలు మూతకు తగిలి వంగిపోతాయి. రెండు డబ్బాలనూ మంచి వెలుతురు ఉన్న వరండాలో, నేరుగా ఎండ పడని చోట ఉంచాలి. ఉదయపు లేత ఎండ కాసేపు తగిలితే ఫర్వాలేదు. మధ్యాహ్నపు ఎండ తగిలితే పాలిథిన్ కింద మొక్కలు ఉడికిపోతాయి. బడి ప్రయోగశాలలో ఉష్ణమాపకం ఉంటే రెండు డబ్బాల్లోనూ రోజూ ఒకే వేళకు వేడి చూసి రాయండి.

పెసలు పొట్టుతో ఉన్నవి కావాలి, పప్పుగా బద్దలు చేసినవి మొలకెత్తవు. వాటిని రాత్రంతా నానబెట్టి, ఉబ్బకుండా రాయిలా మిగిలిన గింజలను ఏరి పారేయాలి. ఎనిమిది కాగితపు టీ కప్పులకు అడుగున సూదితో నాలుగు బెజ్జాలు పెట్టి, కడిగి ఆరబెట్టిన ఇసుక సమానంగా నింపాలి. మట్టికి బదులు ఇసుక ఎందుకంటే, చివర్లో వేళ్లు తెగకుండా కడిగి తీయడానికి ఇసుకే తేలిక. ఇసుకలో పోషకాలు లేవని బెంగ పడక్కర్లేదు. మొదటి పది రోజులకు కావలసిన నిల్వ గింజలోని బీజదళాల్లోనే ఉంటుంది. ఒక్కో కప్పులో ఐదు గింజలు, సెంటీమీటరు లోతులో నాటాలి. ఏ కప్పు చీకట్లోకి, ఏది వెలుతురులోకి వెళ్లాలో చీటీలు వేసి తేల్చాలి. మనం చేత్తో ఎంచితే తెలియకుండానే మంచి కప్పులు ఒక వైపు చేరతాయి. మూడో రోజుకు మొలకలు పైకి వచ్చాక కప్పుకు మూడు ఉంచి, మిగతావి తీసేయాలి. అప్పుడు ఒక్కో డబ్బాలో పన్నెండు మొక్కలుంటాయి. పన్నెండూ ఎందుకంటే, ఒక్క మొక్క చచ్చినా పురుగు పట్టినా ప్రయోగం పోకూడదు.

నీళ్లు మందు సీసా మూతతో కొలిచి పోయండి, కప్పుకు పది మిల్లీలీటర్లు. అయితే చీకటి డబ్బాలో తడి ఆరడం నెమ్మది. రోజూ కళ్లు మూసుకుని పోస్తే అక్కడి ఇసుక బురదై వేళ్లు కుళ్లుతాయి, పుల్లటి వాసన వస్తుంది. వేలితో ఇసుక తాకి, పైపొర పొడిగా ఉంటేనే పోయాలి. ఏ కప్పుకు ఎంత పోశామో రాసుకోవాలి. చీకటి డబ్బాను సాయంత్రం, మసక వెలుతురులో, ఒక్కసారే తెరవాలి. ఫోను టార్చికి ఆకుపచ్చ జిలుగు కాగితం మూడు పొరలు చుట్టుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే మొలక ఎరుపు వెలుతురుకు చాలా త్వరగా స్పందిస్తుంది, పచ్చటి వెలుతురుకు తక్కువగా.

ఎత్తు కొలవడానికి ఇసుక పైభాగం నుంచి మొదటి ఆకుల జంట పుట్టిన చోటు దాకా దారం పట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరచాలి. చీకటి మొలక తల కొక్కెంలా వంగి ఉంటుంది కాబట్టి స్కేలు నేరుగా పెడితే తప్పుతుంది. ఆకులు ఇంకా విచ్చుకోని రోజుల్లో బీజదళాలు అంటుకున్న చోటు దాకా కొలవండి. ఏ గుర్తు దాకా కొలిచారో పట్టికలో రాయండి. పట్టిక ఇలా గీసుకోవచ్చు. ఇందులోని అంకెలు లెక్క చూపించడానికి నేను వేసినవి, మీ అంకెలు వేరుగా ఉంటాయి.

| రోజు | వెలుతురు: సగటు ఎత్తు (సెం.మీ.) | చీకటి: సగటు ఎత్తు (సెం.మీ.) | రంగు, ఆకులు, కాండం |
|---|---|---|---|
| 3 | 2 | 3 | రెండింట్లోనూ వంగిన తల |
| 5 | 6 | 11 | చీకట్లో లేత పసుపు, ఆకులు మూసుకునే ఉన్నాయి |
| 7 | 9 | 18 | వెలుతురులో పచ్చటి వెడల్పాటి ఆకులు |
| 10 | 12 | 23 | చీకట్లో కొన్ని వాలిపోయాయి |

సగటు ఒక్కటే రాస్తే సరిపోదు. ప్రతి జట్టులో అతి పొట్టి మొక్క, అతి పొడవు మొక్క ఎంతో కూడా పక్కన రాయండి. చీకట్లోని అతి పొట్టి మొక్క వెలుతురులోని అతి పొడవు మొక్కకంటే ఎత్తుగా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. రెండు జట్ల ఎత్తులు బాగా కలిసిపోతే తొందరపడి తీర్పు చెప్పకండి.

మొదటి పరికల్పన ఓడిపోయింది, చీకటి మొక్కే పొడవు. దానికి కారణం ఉంది. నేల లోపల మొలిచిన గింజకు తాను ఇంకా వెలుతురుకు చేరలేదన్న సంగతి తెలియాలి. ఆ కబురు అందించేది మొక్కలోని ఫైటోక్రోమ్ అనే పదార్థం. అమెరికాలో మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1950లలో దీని పనిని గుర్తించారు. వెలుతురు తగలనంత కాలం మొలక తన నిల్వనంతా కాండం సాగదీయడానికే ఖర్చుపెడుతుంది, ఆకులు విప్పదు, పచ్చదనం తయారుచేయదు. వెలుతురు తగలగానే సాగడం తగ్గి, ఆకులు విచ్చుకుంటాయి. డబ్బాలోని మొలకకు నేల ఎప్పటికీ అయిపోదు, అందుకే అది సాగుతూనే ఉంటుంది.

పదో రోజున రెండో పరికల్పన తేలుతుంది. మొక్కలను వేళ్లతో సహా నీళ్ల పళ్లెంలో మెల్లగా కడిగి, ఒక్కో జట్టునూ వేరువేరు కాగితాల మీద ఎండబెట్టండి. వాటితో పాటు నానబెట్టని పెసలు పన్నెండు గింజలనూ పక్కన ఎండబెట్టండి. రెండు రోజులు వరసగా తూచినా బరువు మారకపోతే పూర్తిగా ఎండినట్టు. పచ్చిగా తూచితే మోసపోతాం, చీకటి మొక్క నిండా నీళ్లే ఉంటాయి. వంటింటి త్రాసు ఈ బరువును చూపించలేదు, పన్నెండు పెసలు అర గ్రాముకు అటూ ఇటూగా తూగుతాయి. బంగారు కొట్టులో అడిగితే తూచి ఇస్తారు.

ఊహకు, ఎండిన గింజలు 0.48 గ్రాములు, చీకటి మొక్కలు 0.36, వెలుతురు మొక్కలు 0.60 వచ్చాయనుకుందాం. చీకటి మొక్క రెట్టింపు పొడవు పెరిగి కూడా గింజకంటే నాలుగో వంతు బరువు కోల్పోయింది. అది నిల్వను శ్వాసక్రియలో ఖర్చు చేసుకుంది, తిరిగి సంపాదించలేదు. వెలుతురు మొక్క కిరణజన్య సంయోగక్రియ ద్వారా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చేర్చుకుని బరువు పెంచుకుంది. ఒకే ప్రయోగంలో ఒక పరికల్పన తప్పయింది, ఇంకొకటి నిలిచింది.

ఎక్కడ చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. చీకటి మొక్కలన్నీ ఒకే మూలకు వంగి ఉంటే అక్కడ అతుకు నుంచి వెలుతురు దూరుతోందని అర్థం. ఆకుల్లో పచ్చదనం కనిపించినా అంతే. వెలుతురు మొక్కలు కూడా సన్నగా సాగి, బరువు పెరగకపోతే వరండాలో వెలుతురు చాలలేదు, చోటు మార్చి మళ్లీ చేయాలి.

పట్టిక పూర్తయ్యాక తరగతిలో అడగదగ్గ ప్రశ్నలు కొన్ని. చీకట్లోని ఒక కప్పును పదో రోజున పీకకుండా వెలుతురులోకి తెస్తే ఏ భాగం మారుతుంది, ఏ భాగం మారదు? దీనికి మొదట్లోనే అదనంగా ఒక కప్పు నాటుకోవాలి. పచ్చదనం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, సాగిన కాండం మాత్రం పొట్టిబడదు. పెసలకు బదులు ఆవాలు, చిక్కుడు గింజలు నాటితే చీకట్లో ఏది ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎందుకు? ఇంకొకటి పెద్ద పిల్లలకు: బెల్జియం ప్రాంతపు వాన్ హెల్మాంట్ విల్లో మొక్కను కుండీలో నీళ్లు మాత్రమే పోసి ఐదేళ్లు పెంచాడు. 1648లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రకారం చెట్టు 5 పౌన్ల నుంచి సుమారు 169 పౌన్లకు పెరిగింది, మట్టి మాత్రం కొన్ని ఔన్సులే తగ్గింది. బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. ఆ ప్రయోగంలో ఆయన కొలవనిది ఏది?

ఉపాధ్యాయులకు ఒక మనవి. గోడ మీద అంటించిన పరికల్పన తప్పయినందుకు ఎవరికీ మార్కు తగ్గించకండి. చచ్చిన మొక్కలతో సహా పట్టికలో ప్రతి అంకె ఉందా లేదా అన్నది చూసి మార్కు వేయండి.