నోటీసు కాలంలో నాలుగు రోజుల సెలవు

హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేసే అమ్మాయి ఆగస్టు 1న రాజీనామా ఇచ్చిందనుకుందాం. నోటీసు 60 రోజులు కాబట్టి చివరి పనిదినం సెప్టెంబరు 29. మధ్యలో రాజమండ్రిలో చెల్లెలి పెళ్లి ఉంది. నాలుగు రోజుల సెలవు కావాలి.

ముందు చూడాల్సింది అపాయింట్‌మెంట్ లెటర్. సెలవు పెట్టినన్ని రోజులు నోటీసు పొడిగించే నిబంధన చాలా కంపెనీల్లో ఉంటుంది. మేనేజర్ నోటిమాటగా "వెళ్లిరామ్మా" అన్నా, రిలీవింగ్ తేదీ హెచ్‌ఆర్ లెక్క ప్రకారమే నడుస్తుంది. కొత్త ఉద్యోగంలో చేరే తేదీకి ఇబ్బంది రాకూడదంటే, "చివరి పనిదినం మారదు" అన్న మాట ఈమెయిల్‌లో రాబట్టాలి.

సెలవు ఎప్పుడన్నది అంతకంటే ముఖ్యం. చివరి వారమైతే లాప్‌టాప్ అప్పగింత, క్లియరెన్సులు ఆగిపోతాయి. నోటీసు మధ్యలోనే మేలు. ప్రతి బుధవారం సరఫరాదారులకు చెల్లింపులు ఈమె పనే. రెండు బుధవారాలు సహోద్యోగి పక్కన కూర్చుని చూస్తాడు. మూడోసారి అతను చేస్తుంటే ఈమె చూస్తుంది. నాలుగో బుధవారం ఈమె పెళ్లింట్లో ఉంటుంది, అతను ఒక్కడే చేస్తాడు. ఎక్కడ ఆగాడో రాసిపెట్టుకుంటే, తిరిగొచ్చాక సరిదిద్దడానికి ఇంకా వారాలున్నాయి. అప్పగింత కాగితంలో ఏం రాయలేదో బయటపడేది అప్పుడే!

అందుకే సెలవు మెయిల్‌లో కారణం ఒక్క వాక్యం చాలు. ఆ వారం ఏ పని ఎవరు చూస్తారు, తప్పనిసరైతే ఏ వేళ ఫోన్ చేయొచ్చు అన్నవే వివరంగా ఉండాలి.