సెకనులో పాతికో వంతు నలుపు

డాక్యుమెంటరీ ఎడిటింగ్ పూర్తయింది, మిక్సింగ్ అయింది, దర్శకుడు సరేనన్నాడు. అయినా ఛానల్ ఫైలును తిప్పి పంపింది. క్యూసీ రిపోర్టులో ఒకటే ఫిర్యాదు: 00:37:12:08 దగ్గర ఒక బ్లాక్ ఫ్రేమ్. ఎడిటర్లకు ఇది కొత్త కాదు.

మన టీవీలో సెకనుకు 25 ఫ్రేములు. అంటే ఆ నలుపు ఉండేది 40 మిల్లీసెకన్లే. ఒక షాట్‌ను కాస్త కత్తిరించి, పక్క షాట్‌ను దానికి ఆనించడం మరిచిపోతే టైమ్‌లైన్‌లో సందు మిగులుతుంది. రెండర్‌లో అదే నల్ల ఫ్రేమవుతుంది. దాన్ని పట్టుకోవడానికి చాలామంది వాడే ఉచిత సాధనం ffmpeg. కానీ దాన్ని ఉన్నదున్నట్టు నడిపితే కనీసం రెండు సెకన్లున్న నలుపునే చెబుతుంది, ఒక్క ఫ్రేమును వదిలేస్తుంది. అందుకే హద్దు తగ్గించాలి:

```
ffmpeg -i film.mov -vf blackdetect=d=0.03 -an -f null -
```

ఇప్పుడు రాత్రి సీన్లు, ఫేడ్‌లు కూడా జాబితాలోకి వస్తాయి. ఒక్కోచోటికీ వెళ్లి కంటితో చూడక తప్పదు. సందు దొరికాక తర్వాతి షాట్లన్నిటినీ ముందుకు జరిపితే బొమ్మకూ మాటకూ ఒక ఫ్రేము తేడా వస్తుంది. ముందు షాట్‌నే ఒక ఫ్రేము పొడిగించడం మంచిది.

శబ్దంలో మోసం ఇంకా సూక్ష్మం. డిజిటల్ ఆడియో సెకనుకు 48,000 చోట్ల తరంగాన్ని కొలుస్తుంది. అసలు శిఖరం రెండు కొలతల మధ్య పడితే మామూలు మీటరుకు అది కనబడదు. ఒక్కోసారి తేడా 3 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఆ మధ్య శిఖరాలను లెక్కగట్టేదే ట్రూ పీక్ మీటర్. యూరప్ ప్రసారకర్తల ఆర్128 ప్రమాణంలో ట్రూ పీక్ -1 డీబీ దాటకూడదు, సినిమా మొత్తానికి సగటు లౌడ్‌నెస్ -23 ఎల్‌యూఎఫ్ఎస్ ఉండాలి. పీక్ ఎక్కువైందని మొత్తం శబ్దాన్ని 2 డీబీ తగ్గిస్తే లౌడ్‌నెస్ -25కు పడిపోయి ఫైలు మళ్లీ వెనక్కి వస్తుంది. ట్రూ పీక్ లిమిటర్‌తో ఆ శిఖరాలను మాత్రమే అణచాలి. ప్రతి ఛానల్‌కూ తన అంకెలుంటాయి కాబట్టి డెలివరీ పత్రం మిక్సింగ్‌కు ముందే చేతిలో ఉండాలి.

ఇక సేఫ్ ఏరియా. పాత టీవీలు బొమ్మ అంచులను కోసేసేవి, ఇప్పటికీ కొన్ని సెట్లు కోస్తాయి. యూరప్ సిఫార్సు ప్రకారం అక్షరాలు ఏ అంచుకైనా 5 శాతం లోపలే ఉండాలి. 1920×1080 తెరలో అది పక్కలకు 96, పైనా కిందా 54 పిక్సెళ్లు. తెలుగు టైటిళ్లకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ‘శాస్త్రి’ అని వేస్తే స కింద త, ర ఒత్తులు వేలాడతాయి. అక్షరాల వరుసను కాదు, అన్నిటికన్నా కిందికి దిగే ఒత్తు చివరను గీతకు లోపల ఉంచాలి.