గోదావరి దాకా వచ్చిన సింధు ఇటుక.. కొలత తేలింది, రాత మాత్రం నేటికీ మిస్టరీనే!

సింధు నాగరికత అనగానే హరప్పా, మొహెంజొదారో గుర్తొస్తాయి. ఎక్కడో పాకిస్తాన్‌లో ఉన్న ఊళ్లు, మనకేం సంబంధం అనుకుంటాం. కానీ ఆ జాడ గోదావరి వైపు కూడా వచ్చింది. రామగుండం, గోదావరిఖని పక్కనుంచి పారే ఈ నదికి చాలా ఎగువన, మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలో దైమాబాద్ అనే పాత ఊరి దిబ్బ ఉంది. అది ప్రవర నది ఒడ్డున ఉంటుంది. ఆ ప్రవర వచ్చి కలిసేది గోదావరిలోనే.

1974లో అక్కడ ఓ స్థానికుడికి నేలలో నాలుగు పెద్ద లోహపు బొమ్మలు దొరికాయి. ఎద్దులు లాగే రథం, ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు.. అన్నీ కలిపి 60 కిలోలకు పైనే. అయితే ఇవి తవ్వకంలో పొరల మధ్య దొరికినవి కావు. అందుకే వాటి వయసుపై ఇంకా వాదన నడుస్తోంది.

అసలు ఆధారం తర్వాత దొరికింది. 1975 నుంచి 1979 వరకు పురావస్తు శాఖ అధికారి ఎస్.ఎ. సాలి అక్కడ తవ్వకాలు చేయించారు. ఓ సమాధికి వాడిన మట్టి ఇటుకలను కొలిస్తే 4:2:1 లెక్క వచ్చింది. దాంతోపాటు సింధు గుర్తులున్న మట్టి ముద్రలు, కుండ పెంకులూ బయటపడ్డాయి.

ఈ 4:2:1 ఏంటంటే.. ఇటుక పొడవు వెడల్పుకు రెట్టింపు, వెడల్పు మందానికి రెట్టింపు. సింధు నగరాల్లో ఇళ్లకు వాడిన ఇటుక దాదాపు 28, 14, 7 సెంటీమీటర్లు. ఎందుకిలా? మేస్త్రీని అడిగితే చెప్తాడు. రెండు ఇటుకలు అడ్డంగా పెడితే ఒక ఇటుక నిలువు పొడవుకు సరిపోవాలి. అప్పుడే ఒక వరుసలోని అతుకు పైవరుస అతుకు కిందకు రాదు, గోడ చీలదు. మొహెంజొదారోలో వీధి కాలువలు కట్టిందీ ఇలాంటి ఇటుకలతోనే. ఇంట్లో స్నానం నీళ్లు చిన్న కాలువలో వీధి కాలువకు చేరేవి. చెత్త అడుగున పేరుకోవడానికి మధ్యలో గుంతలు ఉండేవి. పూడిక తీయాలంటే కాలువ మీద పరిచిన ఇటుకలో, రాతి పలకలో ఎత్తితే చాలు.

ఇక తూకాలు. చెర్ట్ అనే గట్టి రాయిని ఘనంలా కోసి, నున్నగా అరగదీసేవాళ్లు. అతి చిన్నది గ్రాము కూడా ఉండదు. దాన్ని రెట్టింపు చేస్తూ పోతే 2, 4, 8, 16 వంతులు. ఎక్కువగా దొరికేది 16వ వంతు, అంటే సుమారు 13.7 గ్రాములు. ఇక్కడో ఆసక్తికరమైన మాట ఉంది. మన కంసాలులు బంగారం తూచడానికి వాడిన గురిగింజ గుర్తుందా? ఎనిమిది గురిగింజలు దాదాపు 0.87 గ్రాములు తూగుతాయి. సింధు చిన్న తూకానికి మూలం ఇదేనని హరప్పాలో ఏళ్ల తరబడి తవ్విన పురావస్తు నిపుణుడు జొనాథన్ మార్క్ కెనోయర్ అభిప్రాయం. గింజ బరువు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇది పక్కా రుజువు కాదు, బలమైన ఊహ.

ఇటుకను టేపుతో, రాయిని కాటాతో పరీక్షించొచ్చు. వాటిని చేసినవాళ్ల భాష తెలియాల్సిన పని లేదు. రాత దగ్గరే చిక్కంతా. ఈజిప్టు లిపి చదవడానికి, ఒకే విషయాన్ని తెలిసిన గ్రీకు భాషలోనూ చెక్కిన రొసెట్టా రాయి దొరికింది. సింధు లిపికి అలాంటిది దొరకలేదు. పైగా రాతలు మరీ పొట్టివి, సగటున ఐదు గుర్తులే. ఐరావతం మహదేవన్ 1977లో వేసిన లెక్క ప్రకారం మొత్తం గుర్తులు 417. అక్షరమాలకు ఇవి చాలా ఎక్కువ, మాటకో బొమ్మ పెట్టే రాతకు చాలా తక్కువ.

తేలిందల్లా ఒక్కటే, ఎక్కువ రాతలు కుడి నుంచి ఎడమకు రాశారని. ఎలాగంటే, కొన్ని ముద్రల్లో ఎడమ చివర చోటు చాలక గుర్తులు ఇరుక్కుపోయాయి.

అది ద్రావిడ భాషే అనేవాళ్లలో ఫిన్లాండ్ పండితుడు అస్కో పర్పోలా ముఖ్యుడు. ముద్రల మీద తరచూ కనిపించే చేప గుర్తును ఆయన ‘మీన్’ అని చదివారు. తమిళంలో మీన్ అంటే చేపా, నక్షత్రమూ. మన ‘మిణుకు’ కూడా ఆ మెరుపు మాటకు చుట్టమే అంటారు. వినడానికి బాగుంది కానీ, రుజువు కాలేదు. అసలిది భాషే కాదు, ఉత్త చిహ్నాలంటూ 2004లో ఫార్మర్, స్ప్రోట్, విట్జెల్ అనే ముగ్గురు పరిశోధకులు వాదించారు.

2025 జనవరిలో తమిళనాడు అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ ఈ లిపిని ఛేదించినవాళ్లకు 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు. ‘చదివేశాం’ అనే వీడియోలు మీ ఫోన్‌కీ వస్తుంటాయి. అలాంటిది కనిపిస్తే ఒక్కటి చూడండి. ఒక గుర్తుకు వాళ్లు ఇచ్చిన శబ్దం, అదే గుర్తున్న మిగతా ముద్రలన్నిటిలోనూ అర్థం ఇస్తోందా? ఒక్క ముద్రకే కుదిరి, రెండో దానికి శబ్దం మార్చాల్సి వస్తే.. అది ఇంకా చదవనట్టే.