డిజైన్ కాగితంల ఖర్చు ఏడున్నదో చెప్పుర్రి

సాఫ్ట్‌వేర్ కట్టే ముందు ఇంజినీర్లు ఒక డిజైన్ డాక్యుమెంట్ రాస్తరు. అందుల ‘ఈ ఆర్కిటెక్చర్ ఎందుకు ఎంచుకున్నం’ అనే భాగం ఒకటుంటది. పైసలు మంజూరు చేసేటోళ్లకు అక్కరపడేది ఆ భాగమే. కానీ చాలా డాక్యుమెంట్లల్ల అది తోటి ఇంజినీర్ల కోసం రాసినట్టుంటది. బోర్డుల కూసున్నోళ్లు చదివి, అర్థం కాక, తలూపి సంతకం పెడ్తరు. తాము దేనికి ఒప్పుకున్నరో ఏడాదికి బిల్లులు జూసినంక తెలుస్తది.

ఇసొంటి భాగాలను తిరగరాసుడు నా పనిల ఒక ముక్క. అట్ల రాసిన ఒక దాన్ని ఇక్కడ విప్పి చెప్త.

అదొక పాల సేకరణ సంస్థ. 600 ఊర్లల్ల కేంద్రాలున్నయి. రైతు పాలు పోస్తే తూకం, వెన్న శాతం కంప్యూటర్ల ఎక్కుతయి. పదిహేను రోజులకోసారి బిల్లు కట్టి పైసలు ఖాతాల వేస్తరు. పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది కట్టాలె. కట్టే టీం ఆరుగురు. వాళ్లు ఇచ్చిన డాక్యుమెంట్‌ల కారణం ఇట్లున్నది:

“ఈ వ్యవస్థకు మైక్రోసర్వీసెస్ ఆర్కిటెక్చర్‌ను ఎంచుకున్నాం. దీనివల్ల స్కేలబిలిటీ, లూజ్ కప్లింగ్, స్వతంత్ర డిప్లాయ్‌మెంట్ సాధ్యమవుతాయి. పరిశ్రమలో ఇదే ఉత్తమ పద్ధతి.”

ఇందుల అబద్ధం ఏం లేదు. కానీ ఈ మూడు వాక్యాలను తీస్కపోయి బ్యాంకు డాక్యుమెంట్‌ల అతికించినా అతుకుతయి, సినిమా టికెట్ల యాప్‌ల అతికించినా అతుకుతయి. అంటే పాల సంస్థ గురించి ఇందుల ఒక్క ముక్క లేదన్నట్టు. ఇంకో దారి ఏముండెనో లేదు. ఏం పోగొట్టుకుంటున్నమో లేదు. చైర్మన్ ఇది చదివి ఒకటే అడిగిండు: “తమ్మీ, అన్నీ లాభాలే రాసినవ్. మరి ఖర్చు ఏడున్నది?”

తిరగరాసేటప్పుడు ముందుగాల మాటలు మార్చలే, లెక్కలు తీసిన. మొదటి లెక్క ‘స్కేలబిలిటీ’ది. 600 కేంద్రాలు, ఒక్కో కాడ పొద్దుగాల సుమారు 60 మంది రైతులు, రెండు గంటల సేకరణ. మొత్తం 36,000 ఎంట్రీలు. రెండు గంటలంటే 7,200 సెకండ్లు. అంటే సెకండుకు ఐదు ఎంట్రీలు. అందరూ ఒక్కసారే మీదపడి అది పదింతలైనా సెకండుకు 50. ఒక మామూలు డేటాబేస్ ఈ బరువును అలవోకగా మోస్తది. పెద్ద మాటతోని చెప్పిన మొదటి లాభం ఈ సంస్థకు అసలు అక్కరే లేదని ఇక్కడ తేలింది.

రెండోది పైసల లెక్క. మైక్రోసర్వీసెస్ అంటే ఒకే ప్రోగ్రామ్‌ను చిన్న చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టుడు. ఈడ తొమ్మిది అనుకున్నరు. ఒక్కోదానికి సొంత డేటాబేస్, నెట్‌వర్క్ మీద ఒకదానితోని ఒకటి మాట్లాడుకుంటయి. ఒకే ప్రోగ్రామ్, ఒకే డేటాబేస్ ఉంటే పాల ఎంట్రీ, రైతు ఖాతాల జమ రెండూ కలిసి పడ్తయి, లేకుంటే రెండూ పడవు. విడగొడితే ఎంట్రీ పడి, జమ చేసే ప్రోగ్రామ్‌కు కబురు పోకుంట ఆగొచ్చు. పాలు పోసిన రైతుకు ఆ పూట పైసలు బిల్లుల కనవడవు. దీనికి విరుగుడున్నది: తప్పిన కబుర్లను మళ్లీ పంపుడు, రోజూ రెండు దిక్కుల లెక్కలు సరిజూసుడు. కానీ అది ఎవరో రాయాలె, ఎవరో కాయాలె.

మూడోది ఆగిపోయే టైమ్. ఒక్కో ప్రోగ్రామ్ 99.9 శాతం టైమ్ నడుస్తదనుకుందాం. అంటే నెలకు సుమారు 43 నిమిషాలు ఆగుతది. ఒక పని పూర్తి కావాలంటే తొమ్మిదీ వరుసగ నడవాలె, ఒక్కోటి ఒక్కో టైమ్‌ల ఆగుతదంటే, మొత్తం 99.1 శాతానికి పడిపోతది. నెలకు ఆరు గంటలు దాటుతది. అన్ని పనులకూ తొమ్మిదీ అక్కరుండవు కాబట్టి ఇది చివరి హద్దు. అయినా ‘ఒకటి ఆగినా మిగతావి నడుస్తయి’ అనే మాటకు ఇదే రెండో ముఖం.

ఆఖరుది రూపాయలు. టీం వేసిన అంచనాల ప్రకారం సర్వర్ల కిరాయి ఒకే ప్రోగ్రామ్‌కు నెలకు 40 వేలు, తొమ్మిదింటికి లక్షా 10 వేలు. అసలు ఖర్చు మాత్రం మనుషులది. తొమ్మిదింటి లాగులు, అలారాలు, అప్‌గ్రేడ్లు చూసేటందుకు ఇంకో ఇద్దరు కావాలె, నెలకు లక్షన్నర. రెండు కలిపి తేడా నెలకు 2 లక్షల 20 వేలు, ఏడాదికి 26 లక్షల పైమాట. కాగితంల మాత్రం ‘20 నుంచి 30 లక్షలు’ అని రాసిన. అంచనాను పైసలతో సహా రాస్తే చదివేటోళ్లు దాన్ని కొటేషన్ అనుకుంటరు.

ఇగ రెండో దారిని మెచ్చుకుంట పోతే అదీ మోసమే. అందుకే ఒకే ప్రోగ్రామ్‌తోని ఏం పోతదో కూడ అంతే సాఫుగ రాసిన. తిరగరాసిన భాగం ఇది:

“ఒకే ప్రోగ్రామ్, ఒకే డేటాబేస్‌తో కడదామని మా సూచన. లోపల సేకరణ, బిల్లు, రిపోర్టులు వేరువేరు భాగాలుగా ఉంటాయి. ప్రధాన కారణం, రైతు పాల ఎంట్రీ, జమ ఎప్పుడూ కలిసే పడతాయి. తొమ్మిది ప్రోగ్రాములుగా కడితే ఏడాదికి సుమారు 20 నుంచి 30 లక్షలు ఎక్కువవుతుంది, అందులో ఎక్కువ భాగం జీతాలు. మేం వదులుకునేది: రిపోర్టుల భాగంలో తప్పు జరిగితే సేకరణ కూడా ఆగే ప్రమాదం ఉంది. దాన్ని తగ్గించడానికి రిపోర్టులు డేటాబేస్ నకలు మీద నడుపుతాం, కానీ ప్రమాదం పూర్తిగా పోదు. ఒక చిన్న మార్పుకైనా మొత్తం ప్రోగ్రామ్‌ను మళ్లీ ఎక్కించాలి. టీం 20 మంది దాటినా, సేకరణ వేళ ఒక ఎంట్రీకి రెండు సెకండ్లు మించినా ఈ నిర్ణయాన్ని మళ్లీ చూస్తాం. అప్పుడు ఒక భాగాన్ని విడదీయడానికి సుమారు నాలుగు నెలలు పడుతుంది.”

ఈ వరుస నేను పుట్టించింది కాదు. మైకేల్ నైగార్డ్ అనే ఇంజినీర్ 2011ల ఆర్కిటెక్చర్ నిర్ణయాలను చిన్న కాగితంల రాసిపెట్టే పద్ధతి చెప్పిండు. పరిస్థితి, నిర్ణయం, అది ఏ దశల ఉన్నది, పర్యవసానాలు అని నాలుగు ముక్కలు. పర్యవసానాలల్ల మంచివే కాదు, చెడ్డవీ రాయాలన్నది అందుల కీలకం. మన డాక్యుమెంట్లల్ల ఎగిరిపోయేది సరిగ్గ అదే.

బోర్డుల ఈసారి ప్రశ్నలు మారినయి. లెక్కల మేనేజరమ్మ అడిగింది: “బిల్లు కట్టే రోజే ఈ ఒక్క ప్రోగ్రామ్ ఆగితే?” స్టాండ్‌బై డేటాబేస్‌కు మారుడుకు పది నిమిషాలు పడ్తదని టీం చెప్పింది. “మరి రైతులకు మెసేజ్‌లు పంపే కంపెనీ దిక్కు ఆలస్యమైతే మన బిల్లు కూడ ఆగాల్నా?” అన్నది. మంచి ప్రశ్న. మెసేజ్‌ల ముక్క ఒక్కదాన్ని వేరు ప్రోగ్రామ్ చేసిన్రు. కోడ్ రాయరాని మనిషి డిజైన్‌ను బాగుచేసింది, ఎందుకంటే ఏం పోతదో ఆమెకు అర్థమైంది.

రాసింది సరిగ్గున్నదా లేదా తెల్సుకునే కొలత కూడ ఇదే. కాగితాన్ని సంతకం పెట్టే మనిషికిచ్చి, చదివినంక దాన్ని పక్కకు పెట్టిచ్చి, ‘దీంతోని మనం ఏం వదులుకుంటున్నం? ఎంతైతది? ఎప్పుడు మళ్లీ ఆలోచించాలె?’ అని అడుగుర్రి. మూడింటికీ సొంత మాటలల్ల జవాబిస్తే కాగితం పనిచేసినట్టు. ‘మంచిదే అంట’ అని ఊకుంటే, మళ్లీ రాయాలె.