వరిగడ్డి పాలుగా మారే దారి

గేదె ముందు వేసే వరిగడ్డిలో ఎక్కువ భాగం పీచు. ఆ పీచులో ముఖ్యమైనది సెల్యులోజ్. అదీ చక్కెర అణువుల గొలుసే, కానీ ఆ గొలుసును తెంచే ఎంజైము మన ఒంట్లో తయారవదు, గేదె ఒంట్లోనూ తయారవదు. అయినా గేదె గడ్డి తిని పూటపూటా చెంబుల కొద్దీ పాలిస్తుంది. గడ్డిని అరిగించే పని గేదెది కాదు, దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవులది. గేదె వాటికి మేత పెడుతుంది. అవి తిని వదిలినదానితో బతుకుతుంది, ఆ తర్వాత వాటినే అరిగించుకుంటుంది. ఒక గడ్డి ముద్ద వెంట నడిస్తే ఈ ఏర్పాటు పూర్తిగా అర్థమవుతుంది.

గేదెకు నాలుగు పొట్టలని అంటుంటారు. నిజానికి ఉన్నది ఒకటే పొట్ట, నాలుగు గదులుగా ఉంటుంది. గేదె గడ్డిని సరిగా నమలకుండానే గబగబా మింగేస్తుంది. ఆ ముద్ద మొదటి గది రూమెన్‌లో పడుతుంది. కడుపులో ఎడమవైపు దాదాపు అంతా రూమెన్‌దే. పెద్ద పశువులో వంద లీటర్లకు పైగా పడుతుంది. లోపల సుమారు 39 డిగ్రీల వేడి, ఎప్పుడూ తడి, గాలిలోని ఆక్సిజన్ దాదాపు ఉండదు. దాని పక్కనే, ముందువైపు గుండెకు దగ్గరగా రెండో గది రెటిక్యులం ఉంటుంది. ఈ రెండింటి మధ్య అడ్డుగోడ సగమే కాబట్టి మేత అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ముతక గడ్డి పైన తేలుతుంది, బాగా నలిగినది కిందికి దిగుతుంది. గడ్డితో పాటు మింగిన తీగ ముక్కలూ మేకులూ కూడా బరువుకు రెటిక్యులంలోనే చేరతాయి. అది ముడుచుకున్నప్పుడు తీగ ముక్క గోడను చీల్చుకుని గుండె దాకా వెళ్లి పశువును చంపిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు.

మేత అయ్యాక గేదె నీడన పడుకుని నెమరు వేస్తుంది. పైన తేలే ముతక గడ్డిలోంచి ఒక ముద్ద తిరిగి నోటికి వస్తుంది. దాన్ని యాభై సార్ల దాకా నమిలి మళ్లీ మింగుతుంది. గడ్డి బాగా తినే పశువు రోజుకు ఏడెనిమిది గంటలు ఇలా నెమరు వేస్తూనే గడుపుతుంది. గడ్డి చిన్న ముక్కలైతే సూక్ష్మజీవులు పట్టుకోవడానికి చోటు పెరుగుతుంది. అంతకంటే ముఖ్యం లాలాజలం. పెద్ద పాడిపశువుకు రోజుకు వంద లీటర్లకు పైగా ఊరే ఆ లాలాజలంలో వంటసోడాలో ఉండే లవణమే ఉంటుంది. రూమెన్‌లో పులుపు పెరగకుండా అదే కాపాడుతుంది.

పులుపు రావడానికి కారణం అక్కడ జరిగే పని. దోసెల పిండిని రాత్రి పక్కన పెడితే పులిసినట్టే గడ్డి కూడా రూమెన్‌లో పులుస్తుంది. ఆ రసం ఒక్క మిల్లీలీటరులో బ్యాక్టీరియా వందల కోట్లలో ఉంటాయి. వాటిలో ఫైబ్రోబ్యాక్టర్, రూమినోకాకస్ వంటివి గడ్డి ముక్కకు అతుక్కుని పీచును కొరుకుతాయి. ఒంటికణం జీవులైన ప్రోటోజోవా పిండిపదార్థాన్ని, తోటి బ్యాక్టీరియాను కూడా మింగుతాయి. గట్టి కాడల్లోకి చొచ్చుకెళ్లి చీల్చే పని శిలీంధ్రాలది. ఆక్సిజన్ లేకుండా బతికే శిలీంధ్రాలు ఉండవని శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు. 1970లలో బ్రిటన్‌లో కోలిన్ ఆర్పిన్ గొర్రె రూమెన్ మీద చేసిన పరిశోధనతో ఆ నమ్మకం పోయింది.

ఈ జీవులన్నీ చక్కెరను తాము వాడుకుని, తమకు అక్కరలేని ఆమ్లాలను వదిలేస్తాయి. ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అనే ఈ మూడు ఆమ్లాలే గేదెకు అసలు తిండి. రూమెన్ గోడలోంచి నేరుగా రక్తంలోకి చేరి దాని శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఇస్తాయి. పీచు నుంచి ఎక్కువగా వచ్చే ఎసిటిక్ ఆమ్లం పాలలో వెన్నకు ముడిసరుకు. ప్రొపియోనిక్ ఆమ్లం కాలేయంలో గ్లూకోజ్‌గా మారి పాలలోని చక్కెరకు ఉపయోగపడుతుంది. గడ్డి తగ్గించి దాణా మరీ పెంచితే పాలకేంద్రంలో వెన్న శాతం పడిపోవడానికి కారణం ఇదే. ఇంకోవైపు ఆర్కియా అనే జీవులు మిగిలిన హైడ్రోజన్‌ను మీథేన్‌గా మారుస్తాయి. ఆ వాయువు త్రేన్పులుగా బయటికి పోతుంది. పోలేకపోతే ఎడమ డొక్క ఉబ్బి పశువుకు ఊపిరాడదు.

బాగా నలిగిన మేత మూడో గది ఒమేసంలోకి జారుతుంది. అక్కడి పలుచని పొరల మధ్య నీరు చాలావరకు ఇంకిపోతుంది. నాలుగోది అబోమేసం. మన పొట్టతో పోల్చదగిన గది ఇదొక్కటే. ఇక్కడ ఘాటైన ఆమ్లం ఊరుతుంది, గడ్డితో పాటు కొట్టుకొచ్చిన సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. వాటి ఒళ్లే గేదెకు మేలైన మాంసకృత్తులు. చిన్నపేగులో అరిగి ఒంటికి పడతాయి. వరిగడ్డిలో మాంసకృత్తులు చాలా తక్కువ. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచమనేది అందుకే. యూరియా నుంచి వచ్చే అమ్మోనియాతో పీచు మెత్తబడుతుంది, సూక్ష్మజీవులు అదే అమ్మోనియాతో తమ ఒళ్లు పెంచుకుంటాయి. నేరుగా యూరియా తాగిస్తే మాత్రం అది విషమే.

ఈ వరుస తలకిందులయ్యే రోజు మన ఊళ్లలో తరచుగా పెళ్లి మర్నాడు వస్తుంది. మిగిలిన అన్నం పారేయడం ఇష్టం లేక ఎవరో బుట్టెడు తెచ్చి గేదె ముందు పోస్తారు. గేదె ఇష్టంగా తినేస్తుంది. గడ్డి పులియడానికి రోజులు పడితే ఉడికిన అన్నానికి గంటలు చాలు. స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా పిండిని పట్టుకుని విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం కుమ్మరిస్తుంది. అన్నానికి నెమరు అక్కర్లేదు కాబట్టి ఆ సోడా లాలాజలమూ తగ్గుతుంది. మామూలుగా ఆరు, ఏడు మధ్య ఉండే పీహెచ్ ఐదుకు దిగువకు పడుతుంది. పీచును తినే బ్యాక్టీరియా, ప్రోటోజోవా చచ్చిపోతాయి. చిక్కబడిన రూమెన్ రసం ఒంట్లోని నీటిని తనలోకి లాక్కుంటుంది, ఆమ్లం రక్తంలోకి చేరుతుంది.

మొదట ఆగిపోయేది నెమరు. గేదె మేత ముట్టదు, పళ్లు కొరుకుతుంది, పుల్లటి వాసనతో నీళ్లలా పారుతుంది. కళ్లు గుంటలు పడతాయి, నడక తూలుతుంది. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి గడియారం చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పశువులో రెండు నిమిషాలకు రెండు మూడు సార్లు రూమెన్ కదిలి పిడికిలిని పైకి నెడుతుంది. ఇక్కడ ఆ కదలిక ఉండదు, నెట్టి చూస్తే నీళ్లు తొణికిన చప్పుడు వస్తుంది. పశువు పడుకుని లేవలేని స్థితికి ఒకటి రెండు రోజుల్లోనే రావచ్చు. అందుకని నెమరు ఆగిన వెంటనే, ఎంత అన్నం తిన్నదో గుర్తుపెట్టుకుని డాక్టరును పిలవాలి.

డాక్టరు నరం ద్వారా సెలైన్, సోడా ఎక్కిస్తారు. మరీ ముదిరితే ఎడమ డొక్క కోసి రూమెన్‌ను ఖాళీ చేస్తారు. పులుపు దిగినా పని సగమే అయినట్టు, ఎందుకంటే లోపల గడ్డిని అరిగించేవాళ్లు మిగలలేదు. అప్పుడు ఆరోగ్యంగా నెమరువేసే మరో పశువు రూమెన్ రసాన్ని గొట్టంతో తీసి, వడకట్టి, వేడి చల్లారకముందే ఈ గేదె పొట్టలోకి పోస్తారు. కొన్ని లీటర్ల ఆ రసంలో వచ్చిన సూక్ష్మజీవులు కొత్త సంతానం పెంచేదాకా గేదెకు ముందు మెత్తటి పచ్చిమేతా, ఎండుగడ్డీ పెట్టాలి. దాణా తిరిగి పెట్టేటప్పుడు పిడికెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పాత కొలతకు తేవాలి.