వేగం తగ్గితే దిశ మారినట్టేనా?

ధర పాత కనిష్ఠం కంటే కిందికి జారింది. చార్టు అడుగున ఎంఏసీడీ గీత మాత్రం తన పాత కనిష్ఠానికి పైనే ఆగింది. దీన్ని బుల్లిష్ డైవర్జెన్స్ అంటారు, ఇక ధర పైకి తిరుగుతుందని చాలామంది నమ్ముతారు. జెరాల్డ్ ఆపెల్ 1970ల చివర్లో రూపొందించిన ఈ సూచిక నిజానికి చెప్పేది అంతకంటే చాలా తక్కువ.

12 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటులోంచి 26 రోజుల సగటును తీసేస్తే మిగిలేదే ఎంఏసీడీ. ధర ఒకే వేగంతో పడుతుంటే మొదటి సగటు 5.5 రోజులు, రెండోది 12.5 రోజులు వెనకబడతాయి. మధ్య తేడా 7 రోజులు. అంటే నిఫ్టీ రోజుకు 20 పాయింట్ల చొప్పున పడుతూ పోతే ఎంఏసీడీ మైనస్ 140 దగ్గర నిలబడుతుంది. పతనం రోజుకు 10 పాయింట్లకు తగ్గితే మైనస్ 70కి లేస్తుంది. ధర ఇంకా పడుతూనే ఉంది, అయినా డైవర్జెన్స్ వచ్చేసింది. సుదీర్ఘ పతనాల్లో ఈ సంకేతం మళ్లీ మళ్లీ వచ్చి మోసం చేసేది ఇందుకే.

కంటికి ఇట్టే కనిపించే కనిష్ఠాన్ని కోడ్‌లో రాయాలంటే నిర్వచనం కావాలి. ముందు 5 రోజుల్లో, తర్వాత 5 రోజుల్లో ధర అంతకంటే కిందికి పోని రోజే కనిష్ఠం అనుకుందాం. అలాంటి రెండింటి మధ్య 10 నుంచి 60 రోజుల ఎడం ఉండాలి. రెండోసారి ధర తక్కువగా, ఆ రోజు ఎంఏసీడీ ఎక్కువగా ఉండాలి.

```python
k = 5
known = low.shift(k) == low.rolling(2*k+1).min()
```

ఇందులో `shift(k)` ప్రాణం. సోమవారం 100 రూపాయల దగ్గర ఏర్పడిన కనిష్ఠం, సెలవులు లేకపోతే, వచ్చే సోమవారం సాయంత్రానికి గానీ ఖరారు కాదు. కొనగలిగేది మంగళవారం ఉదయం. అప్పటికి ధర 104 అయితే, 100కే కొన్నట్టు లెక్కవేసిన పరీక్ష ఆ 4 రూపాయలను గాలిలోంచి తెచ్చుకున్నట్టే. పట్టుకోవడం సులభం: డేటాను ఏదో ఒక తేదీ దగ్గర కత్తిరించి మళ్లీ నడపండి. అంతకుముందు వచ్చిన సంకేతాల్లో ఒక్కటి మారినా, కోడ్ రేపటి ధరను చూస్తోందని అర్థం.

ఇక పోటీ. ముగింపు ధర 200 రోజుల సగటుకు పైన ఉంటే కొనడం, అంతే ట్రెండ్ ఫిల్టర్. రెండింటికీ మర్నాటి ప్రారంభ ధరకే కొనుగోలు, 20 రోజుల తర్వాత అమ్మకం, ఒకే ఖర్చులు పెట్టాలి. యథాలాపంగా ఎంచిన రోజుల్లో కొంటే ఎంత వచ్చేదో కూడా పక్కన ఉంచాలి.

అసలు చిక్కు సంఖ్య దగ్గరే వస్తుంది. డైవర్జెన్స్ సంకేతాలు 30 దొరికాయనీ, సగటు లాభం ట్రెండ్ ఫిల్టర్ కంటే 1 శాతం ఎక్కువనీ, ఒక్కో ట్రేడ్ ఫలితం 6 శాతం అటూ ఇటూ ఊగుతోందనీ అనుకోండి. 6ను 30 వర్గమూలంతో భాగిస్తే దాదాపు 1.1. ఆధిక్యం కంటే ఊగిసలాటే పెద్దది, కాబట్టి దాన్ని గెలుపుగా నేను ఒప్పుకోను. 5 రోజుల బదులు 4, 6 పెట్టి చూసినప్పుడు ఆ 1 శాతం కూడా మాయమైతే, నా డబ్బు 200 రోజుల సగటు పక్షానే ఉంటుంది.