దళదా మాలిగావ గుమ్మంలో ఆ బోర్డు

శ్రీలంకలోని కాండీకి వెళ్లే తెలుగు కుటుంబాలకు దళదా మాలిగావ తప్పనిసరి మజిలీ. బుద్ధుడి దంతధాతువు ఉన్న ఆలయం అది. గేటు దగ్గర సింహళం, తమిళం, ఇంగ్లిష్‌లలో రాసిన బోర్డు ఉంటుంది. భుజాలూ మోకాళ్లూ కప్పుకోండి, చెప్పులు, టోపీలు తీయండి, బుద్ధుడికి వీపు పెట్టి ఫొటోలు దిగకండి, నివేదనలు కేటాయించిన చోటే పెట్టండి అన్నది దాని సారాంశం. వినడానికి మన గుడి నిబంధనల్లాగే ఉన్నాయి. చిక్కంతా ఆ పోలికలోనే ఉంది. పూర్తిగా కొత్త చోటికి వెళితే ప్రతిదీ అడిగి చేస్తాం. సగం తెలిసిన చోట అడగం, ఇంటి అలవాటు ప్రకారం చేసుకుపోతాం.

గుంటూరు నుంచి వచ్చిన మా పిన్ని కుటుంబానికి ఆ బోర్డు చదివి చెప్పే పని నామీద పడింది. పిన్ని, బాబాయి, వాళ్ల కొడుకు, కోడలు, పన్నెండేళ్ల మనవడు. పిన్ని చేతిసంచిలో కర్పూరం, కుంకుమ పొట్లం ఉన్నాయి. గేటు బయట కొన్న కొబ్బరికాయ కూడా ఉంది.

దుస్తుల సంగతి తొందరగానే తేలిపోయింది. చీర, పంచె, చుడీదార్ దేనికీ అభ్యంతరం లేదు. అక్కడి భక్తులు ఎక్కువగా తెల్లబట్టల్లో వస్తారు గానీ పర్యాటకులకు తెలుపు నియమం కాదు. ఆగిపోయేది నిక్కర్లు, చేతుల్లేని టాప్‌లు, మోకాలి దగ్గర చిరిగిన జీన్స్. మనవడి నిక్కరు మోకాలి పైదాకే ఉంది. చిన్నపిల్లాడే కదా అని కోడలు అనబోయింది. చిన్నపిల్లలను చూసీ చూడనట్టు వదిలేసే కాపలావాళ్లు ఉంటారు, వదలని వాళ్లూ ఉంటారు. ఆ పందెం ఎందుకని సంచిలోంచి పాంటు తీయించాం. వీధిలో చుట్టుకునే గుడ్డలు అమ్ముతారు కాబట్టి మరీ ఇరుక్కుపోయే పరిస్థితి రాదు.

బోర్డు వివరంగా చెప్పనిది ఒకటుంది. బుద్ధుడి బొమ్మ ఉన్న టీషర్టు, చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు. మనకు అది భక్తి, అక్కడ అవమానం. 2014లో చేతి మీద పద్మాసనంలో కూర్చున్న బుద్ధుడి పచ్చబొట్టు ఉందని ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని కొలంబో విమానాశ్రయంలో పట్టుకుని, నిర్బంధించి, దేశం నుంచి పంపేశారు. ఆమె తర్వాత కోర్టుకెళ్లింది. ఆమె హక్కులకు భంగం కలిగిందని 2017లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చి నష్టపరిహారం ఇప్పించింది. న్యాయం చివరికి ఆమెవైపే నిలిచినా, పోయిన సెలవు తిరిగి రాలేదు కదా. అలాంటి పచ్చబొట్టు ఉన్నవాళ్లు నిండు చేతుల చొక్కా వేసుకోవడమే మేలు.

చెప్పులు కౌంటర్లో ఇవ్వడం, భద్రతా తనిఖీకి నిలబడడం మనకు అలవాటే. తనిఖీ గట్టిగా ఉండటానికి కారణముంది. 1998 జనవరిలో ఎల్‌టీటీఈ లారీ బాంబుతో గుడి ముందు భాగాన్ని పేల్చేసింది. విసుక్కోకుండా సంచి తెరిచి చూపించాలి.

ఇక ఫొటోలు. తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి ముందు మనం ఎలా నిలబడతాం? విగ్రహానికి వీపు తిప్పి, కెమెరావైపు నవ్వుతూ. అమరావతి ధ్యానబుద్ధుడి దగ్గరా అంతే. ఆ ఫొటో లేని ఆల్బమ్ మన ఇళ్లలో అరుదు, దాన్ని తప్పనేవాళ్లూ లేరు. శ్రీలంకలో అదే భంగిమ బుద్ధుడికి వీపు చూపడం అవుతుంది. సెల్ఫీ అయితే తప్పించుకునే దారే లేదు. ముఖం కెమెరాకేసి ఉంటే వీపు విగ్రహానికే ఉంటుంది మరి. విగ్రహం మీద చెయ్యి వేయడం, దాని పక్కన అదే భంగిమలో కూర్చుని నవ్వడం ఇంకా పెద్ద తప్పు. 2012లో ముగ్గురు ఫ్రెంచి పర్యాటకులు విగ్రహాన్ని ముద్దు పెట్టుకుంటున్నట్టు ఫొటోలు దిగి, వాటిని గాలె ఊళ్లో ప్రింటుకిచ్చారు. స్టూడియో వాళ్లు పోలీసులకు చెప్పారు. కోర్టు వాళ్లకు జైలుశిక్ష వేసి, అమలును నిలిపివేసింది. మతభావాలను నొప్పించడం అక్కడి శిక్షాస్మృతిలో నేరం. గుడి సిబ్బంది మందలింపుతో పోయే విషయమని ధీమాగా ఉండకూడదు.

అంటే ఫొటోలే వద్దని కాదు. ఫ్లాష్ లేకుండా మండపాలను, పైకప్పు బొమ్మలను, దంతాలతో అలంకరించిన తలుపులను తీసుకోవచ్చు. ధాతువున్న గది ఎదుట మాత్రం ఫోను జేబులో పెట్టేయాలి. కుటుంబమంతా కలిసి దిగాలంటే బయటే మంచి చోటుంది. ఆలయం ముందు కందకం, మేఘాల ఆకారంలో ఎగుడుదిగుడుగా కట్టిన తెల్లగోడ, దాని వెనుక పత్తిరిప్పువ అనే ఎనిమిది మూలల బురుజు. వాటికి వీపు పెట్టి ఎంతసేపు నవ్వినా ఎవరూ ఏమీ అనరు.

ఆ బురుజు దగ్గర కాస్త ఆగాలి. దాన్ని కట్టించినవాడు కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. 1739 నుంచి 1815లో బ్రిటిష్‌వాళ్లు రాజ్యాన్ని పట్టుకునేదాకా కాండీని ఏలినవాళ్లు నాయక్కర్ వంశస్థులు, మధురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్లు. ఇప్పుడు మనం చూసే ఆలయంలో కొంత భాగం వాళ్ల కాలానిదే. ధాతువు కథ కూడా మన దిక్కు నుంచే మొదలవుతుంది. కళింగ రాజధాని దంతపురం నుంచి నాలుగో శతాబ్దంలో హేమమాల అనే రాజకుమారి దాన్ని జుట్టుముడిలో దాచుకుని లంకకు తెచ్చిందని అక్కడి గాథ. ఆ దంతపురం శ్రీకాకుళం జిల్లాలోని దంతవరపుకోటే అని కొందరు చరిత్రకారులు అంటారు. ఒడిశాలో వెతికేవాళ్లూ ఉన్నారు. ఇది చెప్పగానే బాబాయి బోర్డు వైపు తిరిగి, మనవాళ్లు పంపిన దానికి మనకే ఇన్ని రూల్సా అన్నాడు.

రోజుకు మూడుసార్లు పూజ. తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో, ఉదయం తొమ్మిదిన్నరకు, సాయంత్రం ఆరున్నరకు. కింది మండపంలో డోళ్లు, సన్నాయిలాంటి హొరణె మోగుతుంటే పై అంతస్తులో ధాతుగృహం తలుపు తెరుస్తారు. లోపల కనబడేది దంతం కాదు, దాన్ని దాచిన స్తూపాకారపు బంగారు కరండం. అది కూడా కదిలే వరుసలోంచి కొన్ని క్షణాలే. దంతమే కనిపిస్తుందనుకుని వెళ్లినవాళ్లు ఇంతేనా అని వెనక్కి వస్తారు. ముందే చెప్పి తీసుకెళితే ఆ నిరాశ ఉండదు.

నివేదన దగ్గరికొచ్చేసరికి పిన్ని అడగాల్సింది అడిగేసింది. “కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలిరా?”

“ఇక్కడ కొట్టరు పిన్నీ. దాన్ని సంచిలోనే ఉంచు, తర్వాత పనుంది.”

ఇక్కడ ఇచ్చేది పూలు. బయటి దుకాణాల్లో తామరలు, నీలి కలువలు, దేవగన్నేరు పూలు పళ్లాల్లో సర్ది అమ్ముతారు. శ్రీలంక జాతీయ పుష్పమైన నీలి కలువ లేత ఊదా రంగులో ఉంటుంది. తీసుకున్న పూలను ముక్కు దగ్గర పెట్టుకోకూడదు. వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదని మన పెద్దవాళ్లు అంటారు కాబట్టి పిన్నికి ఇది చెప్పనక్కర్లేదు, మనవడికి చెప్పాల్సొచ్చింది. పళ్లెం రెండు చేతులతో పట్టుకుని పై అంతస్తులో పొడవాటి బల్ల దగ్గరికి వెళ్లి, పూలను వరుసగా పేర్చాలి. విసరకూడదు. మన గుళ్లో అర్చకుడికి అందించి గోత్రనామాలు చెప్పి ఎదురుచూస్తాం. ఇక్కడ మధ్యలో ఎవరూ ఉండరు, మన చేత్తో మనమే పెట్టి నమస్కరించి పక్కకు తప్పుకోవాలి. పెట్టిన పువ్వు మళ్లీ చేతికి రాదు. తీర్థం, శఠగోపం, ప్రసాదం కోసం చెయ్యి చాపి నిలబడితే వెనకవాళ్లు ఆగిపోతారు.

ఎందుకిలా అన్నది తెలిస్తే పిన్నిలాంటివాళ్లు తేలిగ్గా సర్దుకుంటారు. థేరవాద బౌద్ధంలో బుద్ధుడు వరాలిచ్చే దేవుడు కాడు, పరినిర్వాణం పొందినవాడు. ఆయన పూలు అందుకుని తిరిగి ఏదో ఇస్తాడని అనుకోరు. ఈ పువ్వు వాడినట్టే నా శరీరమూ వాడుతుందని తలచుకుంటూ పెడతారు. అందుకే ఆ బల్ల మీద కుంకుమ చల్లడం, కర్పూరం వెలిగించడం, పూల మధ్య నోట్లు దూర్చడం అక్కడికి పొసగవు. డబ్బు వేయాలనిపిస్తే హుండీలు ఉన్నాయి. దీపం పెట్టాలంటే బయట, అందుకోసం ఉంచిన చోట కొబ్బరినూనె దీపాలు వెలిగించవచ్చు. నేల మీద కూర్చుంటే కాళ్లు ధాతుగృహం వైపు చాపకుండా మడుచుకోవాలి. వరుస కదలనప్పుడు, మోకాళ్ల నొప్పులున్న బాబాయికి అన్నిటికంటే కష్టమనిపించింది ఇదే. ఆయన్ని ఓ పక్క స్తంభానికి ఆనించి నిలబెట్టాం.

మరి కొబ్బరికాయ? మాలిగావకు కూతవేటు దూరంలోనే దేవాలయాలున్నాయి. విష్ణువుకు, నాథ దేవుడికి, పత్తినికి, కాస్త అవతల కతరగమ దేవుడికి, అంటే మన సుబ్రహ్మణ్యస్వామికి. సింహళ బౌద్ధులే అక్కడికి వెళ్లి పిల్లల చదువు కోసం, జబ్బు నయం కావాలని మొక్కుకుంటారు. కోరికలు కోరడానికి దేవుళ్లు, తలచుకోవడానికి బుద్ధుడు అన్నట్టుగా అక్కడి జనం పని పంచుకున్నారు. దేవాలయంలో కపురాల అనే పూజారి ఉంటాడు. పళ్లు, పూలు, కొబ్బరికాయ సర్దిన పళ్లెం ఆయనకు ఇస్తే, పేరు అడిగి మన తరఫున దేవుడికి విన్నవిస్తాడు. పళ్లెంలో కొంత ఉంచుకుని మిగతాది తిరిగి ఇస్తాడు.

విష్ణు దేవాలయం మెట్లెక్కాక పిన్ని సంచిలోంచి కాయ తీసింది, బయట అరటిపళ్లు కొని పళ్లెం నింపింది. కపురాల సింహళంలో అడిగాడు, పిన్ని తెలుగులో గోత్రంతో సహా చెప్పింది. ఆయనకు ఎంత అర్థమైందో గానీ మనవడి పేరు మాత్రం సరిగ్గానే పలికాడు. పళ్లెం తిరిగొచ్చాక అందులోని అరటిపండు వాడే ముందు తిన్నాడు.